నవజోత్: అపోహలు, వాస్తవాలు (కుస్తీ ఎవరు కట్టాలి?)

సికింద్రాబాద్‌లో మా పార్సీ పిల్లలకు నవజోత్ అనే మతప్రవేశ తంతుకు ముందు ప్రార్థనలు నేర్పడం, వారికి సుద్రే చొక్కాలు కుట్టి ఇవ్వడం నేను చాలా ఏళ్లుగా చేస్తున్న పని. ఈ ఏళ్లన్నిటిలో దాదాపు ప్రతి కుటుంబం నుంచీ విన్న మాట ఒకటుంది: "ప్రార్థనలు కాస్త నోటికి వస్తే చాలు, మిగతాదంతా దస్తూర్‌జీ చూసుకుంటారు." దస్తూర్‌జీ అంటే తంతు జరిపించే మా పూజారి. ఈ మాట అనే తల్లిదండ్రులు నిర్లక్ష్యంతో అనరు. హాలు, వంటవాళ్లు, పిలుపులు, కొత్త బట్టలు అంటూ వంద పనుల మధ్య నలిగిపోతూ అంటారు. అయినా పిల్లలకు అన్నింటికన్నా ఎక్కువ నష్టం చేసే అపోహ ఇదే కనుక, ముందుగా దీని గురించే వివరంగా రాస్తాను.

నవజోత్ అనే పేరుకు మా పెద్దలు చెప్పే అర్థం "కొత్తగా ప్రార్థన చేసేవాడు" అని. ఇరాన్‌లోని జొరాస్ట్రియన్లు, అంటే అక్కడి మా మతస్థులు, దీన్నే సెద్రే పూషీ, అంటే సుద్రే తొడగడం అంటారు. ఆ రోజు బిడ్డకు దక్కేవి రెండు. ఒకటి సుద్రే, అంటే తెల్లటి మల్ మల్ నూలు చొక్కా. మెడ దగ్గర కోసుగా ఉండే దాని అంచున, ఛాతీ మీదికి వచ్చే చోట, గిరేబాన్ అనే చిన్న జేబు ఉంటుంది. చేసిన మంచి పనులు అందులో చేరాలని పిల్లలకు చెబుతాం. రెండోది కుస్తీ, అంటే గొర్రెపిల్ల ఉన్నితో 72 పోగులుగా నేసిన పట్టీ. ఆ 72 మా యస్న గ్రంథంలోని అధ్యాయాల సంఖ్య. తెలుగులో ఇదే పలుకుబడితో మల్లయుద్ధానికి మాట ఉంది కనుక మొదటిసారి వినేవారు తికమకపడతారు. ఇక్కడ కుస్తీ అంటే నడుముకు కట్టుకునే ఆ పవిత్రమైన పట్టీయే. సుద్రే ఒంటికి ఆనుకుని ఉంటుంది, కుస్తీ దాని మీద ఉంటుంది, మామూలు బట్టలు వాటిపైన వస్తాయి. స్నానం చేసేటప్పుడు తప్ప ఈ రెండూ ఒంటి మీద ఉండాలన్నది నియమం. నిద్ర లేవగానే, కాలకృత్యాల తరువాత, ప్రార్థనకు ముందు, భోజనానికి ముందు కుస్తీ విప్పి, ప్రార్థన చదువుతూ మళ్లీ కట్టుకోవాలి. అంటే నవజోత్ అయిన మరునాటి తెల్లవారుజాము నుంచే ఆ బిడ్డ తన చేతులతో తానే రోజుకు చాలాసార్లు చేయవలసిన పని ఇది.

తల్లిదండ్రులు గమనించనిది ఇక్కడే ఉంది. నవజోత్ రోజున కుస్తీ కట్టేవి దస్తూర్‌జీ చేతులు. ఆయన బిడ్డ వెనుక నిలబడి, ఇద్దరూ ఒకే దిక్కుకు తిరిగి ఉండగా, బిడ్డ చేతులను తన చేతుల్లోకి తీసుకుని ముళ్లు వేయిస్తారు. బిడ్డకు ఆ పని వచ్చో రాదో వేదిక మీద ఎవరికీ తెలియదు, ఫొటోల్లోనూ కనిపించదు. రెండు వారాల తరువాత ఇంట్లో ఒంటరిగా నిలబడి కట్టుకోవలసి వచ్చినప్పుడే తెలుస్తుంది. అప్పటికి హడావిడి అయిపోయి ఉంటుంది, నేర్పేవారు ఎవరూ దగ్గర ఉండరు.

నా నవజోత్ ఏడో ఏట జరిగింది. ప్రార్థనలన్నీ తడబడకుండా చదివానని అందరూ మెచ్చుకున్నారు. కానీ వీపు వెనుక వేయవలసిన ముడి నాకు రాదు. ప్రతి ఉదయం మా బపయ్‌జీ, అంటే నాన్నమ్మ, నా వెనుక నిలబడి దాన్ని వేసేది. ఒకసారి ఆమె బంధువుల ఇంటికి నవసారి వెళ్లి నెల రోజులు ఉండిపోయింది. అమ్మకు ఉదయం పూట తీరిక లేదు. ఆ నెలంతా నా కుస్తీ బీరువాలో మడతపెట్టి ఉంది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేక, ఏదో పెద్ద తప్పు చేశానన్న భయంతో నిద్ర పట్టని రాత్రులు నాకు ఇంకా గుర్తున్నాయి. అందుకే నా దగ్గరికి వచ్చే పిల్లలకు నోటితో పాటు చేతులకూ నేర్పకుండా వదిలిపెట్టను.

ఈమధ్య తొమ్మిదేళ్ల పాప ఒకతె వచ్చింది. నవజోత్‌కు నాలుగు నెలలే ఉంది. అప్పటికింకా కుస్తీ ధరించే అర్హత రాలేదు కనుక మామూలు నూలు నాడాతో మొదలుపెట్టాం. పాప నడుము 22 అంగుళాలు. మూడు చుట్లకు 66 అంగుళాలు, ముళ్లకూ వేలాడే కొసలకూ మరికొంత కలిపి 100 అంగుళాల నాడా కత్తిరించాను. మొదటి నెలలో అషెం వోహు, యథా అహూ వైర్యో అనే రెండు చిన్న ప్రార్థనలే నేర్పాను. మొదటిది 12 మాటలు, రెండోది 21 మాటలు. కుస్తీ ముళ్లు పడేది ఈ రెండు ప్రార్థనల మీదే కనుక, ముందు ఇవి ఆలోచించనవసరం లేకుండా నోటికి రావాలి. రెండో నెల నుంచి ప్రతిరోజూ పది నిమిషాలు నాడాతో అభ్యాసం. నాడా మధ్యభాగాన్ని పొట్ట మీద ఆనించి, కొసలను వెనక్కి తీసుకెళ్లి, మార్చుకుని ముందుకు తెస్తే రెండు చుట్లు పూర్తవుతాయి. అక్కడ యథా అహూ వైర్యో చదువుతూ ముందువైపు ముడి. తరువాత కొసలను మళ్లీ వెనక్కి తీసుకెళితే మూడో చుట్టు పూర్తవుతుంది. అక్కడ అషెం వోహు చదువుతూ వెనుక ముడి. విప్పేటప్పుడూ, కట్టుకోవడానికి ముందూ చదివే పెద్ద ప్రార్థనలు మూడో నెలలో వచ్చాయి.

ముందు ముడి వారంలో వచ్చేసింది. వెనుక ముడి మాత్రం కట్టిన గంటకే జారిపోయేది. కారణం కనుక్కోవడం కష్టం కాదు. ముడి సరిగ్గా పడితే రెండు కొసలూ పట్టీ వెంబడి చెరో పక్కకు ఒదిగి పడుకుంటాయి. తప్పుగా పడితే ఒక కొస పైకి, ఒక కొస కిందికి నిలబడతాయి. ఎడమ కొసను కుడి కొస మీదుగా వేసి, రెండోసారి కూడా ఎడమనే పైకి తెస్తే అలా జరుగుతుంది; రెండోసారి కుడిది పైకి రావాలి. పాపకు వీపు వెనుక ఏమీ కనిపించదు కనుక, కళ్లు మూసుకుని ముందువైపు ఆ ముడిని ఇరవైసార్లు వేయమన్నాను. ఆ తరువాత వేళ్లకే తెలిసిపోయింది. ఆఖరి రెండు వారాలూ అద్దం లేకుండా, స్కూలు యూనిఫాం పైకెత్తి పట్టుకుని, బడిలో బాత్రూంలో ఎలా కట్టుకోవాలో అలాగే కట్టించాను. నవజోత్ అయిన మూడో వారంలో వాళ్లమ్మ ఫోన్ చేసి, పాప కుస్తీ ఎవరి సాయమూ లేకుండా తానే కట్టుకుంటోందని, తమ్ముడు నాడా కావాలని ఏడుస్తున్నాడని చెప్పింది.

దీనికి మరోవైపున ఉండే భయం గురించి కూడా చెప్పాలి. వేదిక మీద బిడ్డ ఒక మాట మరిచిపోతే నవజోత్ చెల్లదేమోనని తల్లులు రాత్రంతా కూర్చుని బట్టీ పట్టిస్తున్నారు. దయచేసి అలా చేయకండి. దస్తూర్‌జీ ముందు చదువుతారు, బిడ్డ వెంట చదువుతుంది. తడబడితే ఆయన అందిస్తారు. ఏడ్చిన పిల్లలకు కూడా నవజోత్ జరిగింది, అది పూర్తిగానే జరిగింది.

ఇక మిగిలిన అపోహలు. నవజోత్ మగపిల్లలకు మాత్రమే అనుకోవడం తప్పు. ఆడపిల్లలకూ అదే తంతు, అవే ప్రార్థనలు, అదే కుస్తీ. సాధారణంగా ఏడు, తొమ్మిది, పదకొండు ఏళ్ల వయసులో చేస్తారు. తెలుగు మిత్రులు "మా ఒడుగు లాంటిదేనా?" అని అడుగుతారు. పోగులు, ప్రార్థన, బాల్యం దాటి బాధ్యతలోకి రావడం అనే పోలికలు నిజమే. కానీ జంధ్యం భుజం మీద ఉంటుంది, కుస్తీ నడుము చుట్టూ ఉంటుంది; జంధ్యంలా దాన్ని ఒంటి మీదే ఉంచేయరు, రోజూ విప్పి కట్టుకుంటారు. నవజోత్ చేయించుకుంటే ఎవరైనా పార్సీ అయిపోతారన్నది మరో వదంతి. మతంలోకి ప్రవేశం వేరు, పార్సీ సమాజంలో సభ్యత్వం వేరు. 1908లో బొంబాయి హైకోర్టు పేటిట్ కేసులో ఈ తేడానే స్పష్టం చేసింది. ఆ వాదోపవాదాలను విందు బల్లల దగ్గర ఊహలతో సాగదీయడం ఆ రోజు వేదిక మీద కూర్చున్న బిడ్డకు చేసే అన్యాయం.

స్నానానికి ముందు బిడ్డ చేత నిరంగ్ తాగిస్తారని విని అతిథులు గుసగుసలాడుకుంటారు. నిరంగ్ అంటే మంత్రపూతమైన ఎద్దు మూత్రం. దానిమ్మ ఆకు నమిలి, ఆ నిరంగ్ ఒక్క గుక్క సేవించి, ప్రార్థన చేసి, స్నానం చేయడం శుద్ధికోసం జరిగే భాగం. అది లోపల, కుటుంబం మధ్య జరుగుతుంది, అతిథుల ముందు జరగదు.

అతిథులకు ముఖ్యంగా తెలియవలసినది చోటు గురించి. మన దేశంలో అగియారీ, అంటే మా అగ్ని దేవాలయం, లోపలికి పార్సీలు కానివారికి ప్రవేశం లేదు. సికింద్రాబాద్, హైదరాబాద్‌లలో మూడు అగియారీలు ఉన్నాయి, సికింద్రాబాద్‌లోని పాతది 1847 నాటిది. అన్ని మతాల మిత్రులనూ పిలవదలిచిన కుటుంబాలు హాల్లోనో ఇంటి ఆవరణలోనో చేస్తాయి. పిలుపు కాగితంలో అగియారీ పేరు ఉంటే, మీరు రావలసినది ఏ గంటకు, ఎక్కడికి అని ఆ కుటుంబాన్ని ముందే అడగండి. గుమ్మం దగ్గర ఆగిపోవలసి వచ్చి నొచ్చుకున్నవారిని నేను చూశాను. ఆ నొప్పి పిలిచినవారికీ ఉంటుంది.

హాల్లో చేసేది చాలావరకు సాయంత్రం, పొద్దు గుంకకముందు మొదలవుతుంది. ముగియడానికి గంటకు కాస్త అటూ ఇటూ పడుతుంది. బిడ్డ తెల్ల పైజామా, టోపీ ధరించి, పై ఒంటికి తెల్లటి శాలువా కప్పుకుని వచ్చి దస్తూర్‌జీ ఎదుట కూర్చుంటుంది. పక్కన అగ్నిపాత్రలో చందనం, సాంబ్రాణి పొగ, ఒక నేతిదీపం, పళ్లెంలో బియ్యం, పూలు, కొబ్బరికాయ ఉంటాయి. పశ్చాత్తాప ప్రార్థన, విశ్వాస ప్రకటన అయ్యాక సుద్రే తొడుగుతారు, తరువాత కుస్తీ కడతారు. ప్రార్థన సాగుతున్నంతసేపు తలకు రుమాలో పైటో కప్పుకోవడం, మాట్లాడకపోవడం మర్యాద. వేదిక మీదికి ఎక్కవద్దు, దస్తూర్‌జీనిగాని బిడ్డనుగాని తాకవద్దు. ఫొటోలకు తరువాత చాలా సమయం ఉంటుంది.

చివరగా దస్తూర్‌జీ తందురుస్తీ అనే ఆశీర్వాద ప్రార్థన చదువుతూ బియ్యం, దానిమ్మ గింజలు, కొబ్బరి ముక్కలు, గులాబీ రేకులు కలిపి బిడ్డ తల మీద చల్లుతారు. అది ముగిశాక బిడ్డ కొత్త బట్టలు మార్చుకుని కిందికి వస్తుంది. కవరు ఇవ్వవలసింది అప్పుడే. తెలుగు ఇళ్లలో లాగే నూటపదహార్లో, ఐదు వందల ఒకటో వేస్తారు. ఆ తరువాత భోజనం పంక్తిలో, చాలాచోట్ల అరటి ఆకు మీద వడ్డిస్తారు. చేప, కోడి ప్రధానంగా ఉండే భోజనం కనుక శాకాహారులు పిలుపు అందుకున్నప్పుడే ఆ మాట చెబితే, వారికి విడిగా వండించడం కుటుంబానికి తేలిక.