ఒక ఒడ్డున పారబోత, పక్క ఒడ్డున కొరత

బిజినెస్ క్లబ్ మిత్రులకు, గురువులకు నమస్కారం.

మార్కెట్‌ను ఒక అదృశ్య హస్తం నడిపిస్తుందని పాఠాల్లో చదువుకున్నాం. 1776లో ఆడమ్ స్మిత్ చెప్పిన సంగతి ఇది. ఎవరి లాభం వాళ్లు చూసుకుంటూనే, తాము అనుకోని మేలు సమాజానికి చేసిపెడతారని ఆయన గమనించాడు. పరీక్షలో ఇంత రాస్తే మార్కులు పడతాయి. కానీ ఆ చెయ్యి ఎలా పనిచేస్తుందో, ఎప్పుడు పనిచేయదో తెలియాలంటే ఒక నిజమైన మార్కెట్‌ను దగ్గరగా చూడాలి. అందుకే మిమ్మల్ని ఉత్తర కేరళ సముద్ర తీరానికి తీసుకెళ్తాను.

అక్కడ మత్తి అనే చేప సామాన్యుల రోజువారీ కూర. తెల్లవారుజామున పడవలు ఒడ్డుకు రాగానే వేలం మొదలై, కొద్ది గంటల్లో ముగిసిపోతుంది. 1990లలో ఐసు పెట్టి నిల్వ చేసే ఏర్పాటు పెద్దగా ఉండేది కాదు కాబట్టి ఆ పూట అమ్ముడుపోని చేప వృథా అయ్యేది. పక్క ఒడ్డున ధర బాగుందేమో తెలుసుకోవాలంటే పడవ వేసుకుని వెళ్లాల్సి వచ్చేది. వెళ్లేసరికి అక్కడ వేలం అయిపోయేది, ఇంధనం ఖర్చు మీద పడేది. ఆ భయంతో అందరూ సొంత ఒడ్డుకే వచ్చేవాళ్లు.

రాబర్ట్ జెన్సన్ అనే ఆర్థికవేత్త ఈ తీరంలోని 15 వేలం కేంద్రాల ధరలను ఏళ్ల తరబడి సేకరించాడు. 1997 జనవరి 14న బడగర ఒడ్డున 11 మంది మత్స్యకారులకు కొనేవాళ్లే దొరకలేదు. పట్టిన చేపను పారబోయాల్సిన పరిస్థితి. అదే ఉదయం, 15 కిలోమీటర్ల లోపే ఉన్న వేరే ఒడ్డుల్లో 27 మంది కొనుగోలుదారులు చేప దొరక్క వెనక్కి వెళ్తున్నారు. అక్కడ కిలో దాదాపు 10 రూపాయలు. ఇక్కడ సున్నా. వీళ్లలో సోమరులు లేరు, మోసగాళ్లు లేరు. ఒకరి సంగతి ఒకరికి తెలియదు, అంతే.

అదే ఏడాది ఆ ప్రాంతానికి మొబైల్ ఫోన్లు రావడం మొదలైంది. టవర్లు తీరానికి దగ్గరగా ఉండటంతో సముద్రంలో 20, 25 కిలోమీటర్ల దాకా సిగ్నల్ అందేది. వల లాగాక, ఒడ్డుకు తిరగకముందే నాలుగు చోట్లకు ఫోన్ చేసి ధర అడగడం అలవాటైంది.

ఇక్కడ నెమ్మదిగా లెక్క వేద్దాం. ఒక పడవలో 200 కిలోల చేప ఉందనుకోండి. సొంత ఒడ్డున కిలో 4 రూపాయలు, పక్క ఒడ్డున 7. అక్కడికి వెళ్తే 600 రూపాయలు ఎక్కువ వస్తాయి. అదనపు ఇంధనం 200 అయినా 400 మిగులుతుంది. కాబట్టి వెళ్తాడు, అతని వెనక ఇంకో ఇద్దరు వెళ్తారు. సరుకు తగ్గి ఇక్కడ ధర పెరుగుతుంది, సరుకు చేరి అక్కడ ధర దిగుతుంది. ధరల తేడా ఇంధనం ఖర్చుకు సమానమయ్యేసరికి ఇక ఎవరూ కదలరు. ఫలానా ఊరికి ఇన్ని కిలోలు పంపండని ఏ అధికారీ ఆదేశించలేదు. వెళ్లినవాడికి ఆ ఊరివాళ్ల కూర గురించి ఆలోచనే లేదు. అయినా చేప అవసరమున్న చోటికి చేరింది. అదృశ్య హస్తం అంటే ఇదే.

ఫలితం చూడండి. అంతకుముందు రోజూ పట్టిన చేపలో 5 నుంచి 8 శాతం వృథా అయ్యేది. అది దాదాపు పూర్తిగా ఆగిపోయింది. మత్స్యకారుల లాభం సగటున 8 శాతం పెరిగింది, వినియోగదారులకు ధర 4 శాతం తగ్గింది. అమ్మేవాడికీ కొనేవాడికీ ఒకేసారి లాభం ఎలా వచ్చిందని అనుమానం రావాలి. ఒకరి జేబులోంచి తీసి ఇంకొకరికి ఇచ్చింది కాదది. పారబోసే చేప పళ్లెంలోకి చేరడం వల్ల కొత్తగా పుట్టిన విలువను ఇద్దరూ పంచుకున్నారు.

అయితే ఆ చెయ్యి 1997కు ముందు ఎందుకు పనిచేయలేదు? స్వలాభం అప్పుడూ ఉంది. లేనిది సమాచారం. అందుకే మార్కెట్‌ను వదిలేస్తే అంతా అదే సర్దుకుంటుందనే మాటను నేను ఒప్పుకోను. సమాచారం ఉన్నా చాలదు, ఎక్కడైనా అమ్ముకునే స్వేచ్ఛ కూడా ఉండాలి. మన కోస్తాలోనూ వలకో, ఇంజిన్‌కో వ్యాపారి దగ్గర అప్పు తీసుకుని, పట్టిందంతా అతనికే అమ్మాల్సిన మత్స్యకారులు ఉన్నారు. అలాంటివాళ్లకు పక్క ఒడ్డు ధర తెలిసినా పడవ అటు తిప్పే వీలుండదు.

ఇంకో పరిమితి సముద్రంలోనే ఉంది. వేలంలో పలికే ధర ఒడ్డుకు వచ్చిన చేపకే. నీళ్లలో ఇంకా ఎదగని పిల్లచేప తరఫున బేరమాడేవాళ్లు లేరు. నేను వదిలేస్తే పక్క పడవవాడు పడతాడని ప్రతి ఒక్కరూ అనుకుంటారు. ఆ ఒక్కడి లెక్క తప్పేం కాదు, కానీ అందరూ అలాగే చేస్తే గుడ్లు పెట్టే వయసుకు చేరే చేపలే తగ్గిపోతాయి. ఇక్కడ స్వలాభం మేలు చేయదు. అందుకే 10 సెంటీమీటర్ల కంటే చిన్న మత్తిని పట్టకూడదని కేరళ ప్రభుత్వం నిబంధన పెట్టాల్సి వచ్చింది.