కాన్పుకు ముందే కారిన ముర్రుపాలు

మా చెల్లెలు మొదటి కాన్పుకు తల్లిగారింటికి వచ్చి అప్పటికి పది రోజులు. నర్సంపేట దగ్గర మా ఊరు. 34వ వారం నడుస్తోంది. ఒకరోజు పొద్దున్నే లేచి, తన జాకెట్ నా చేతికిచ్చి, "అక్కా, ఇదేందో చూడు" అంది. రొమ్ముల దగ్గర రూపాయి బిళ్లంత మరకలు రెండున్నాయి. అంచు లేత పసుపు, నడుమ బట్ట గంజి పెట్టినట్టు బిర్రుగా ఉంది. చనుమొనల మీద కూడా చిన్న పొరలాగా ఎండి, గోరు తగిలితే పొట్టులా రాలుతోంది. నొప్పి లేదు, వాసన లేదు.

పక్కనే ఉన్న మా పెద్దమ్మ ముఖం వాడిపోయింది. ఆమె ఇప్పటికీ నాలుగు బర్రెలు సాకుతుంది. "గిట్ల ముందుగాలనే కారిపోతే పుట్టే బిడ్డకేం మిగులుతయ్ బిడ్డా? ఈనక ముందే బర్రె పొదుగు కారితే దుడ్డె బలంగుండదు" అంది. ఆ మాటతో చెల్లెలికి టెన్షన్ మొదలైంది. బర్రెల విషయంలో పెద్దమ్మ మాట నూరు పాళ్లూ నిజం. మనిషికి అది ఎందుకు వర్తించదో తెలియాలంటే, పాలు తయారయ్యే చోటికి కొంచెం లోపలికి వెళ్లాలి.

పాలు కాన్పు తర్వాతే తయారవుతాయని చాలామంది అనుకుంటారు. అసలు పని సగం నెలలకే మొదలవుతుంది. గర్భం నిలిచిన తొలి నెలల్లోనే రొమ్ము లోపల నాళాలు కొమ్మలు వేసి, కొసల్లో ద్రాక్షగుత్తుల్లాంటి సన్నని సంచులు పెరుగుతాయి. రొమ్ములు బరువెక్కడం, చర్మం కింద నీలి నరాలు తేలడం, చనుమొన చుట్టూ నల్లవలయం వెడల్పవడం ఈ పెరుగుదల వల్లనే. ఆ వలయంలో చిన్న చిన్న బుడిపెలు కూడా లేస్తాయి. 1837లో వాటి గురించి వివరంగా రాసిన డబ్లిన్ డాక్టర్ మాంట్‌గోమరీ పేరుతోనే వాటిని ఇప్పటికీ పిలుస్తారు. అవి కురుపులు కావు, గిల్లొద్దు. చనుమొన ఎండి పగలకుండా నూనెలాంటి జిడ్డు వదిలే గ్రంథులవి. అక్కడ రోజూ సబ్బు రుద్దితే ఆ జిడ్డు పోతుంది, ఉత్త నీళ్లు చాలు.

ఐదో నెల దాటేసరికి సంచుల గోడల్లోని కణాలకు పాలు చేసే నేర్పు వస్తుంది. పాలలో ఉండే చక్కెర, అంటే లాక్టోజ్, అప్పటికే తయారవుతుంది. అయితే ఆ దశలో కణానికీ కణానికీ మధ్య సందులు తెరిచే ఉంటాయి. అందుకే కొంత లాక్టోజ్ తల్లి రక్తంలోకి జారి, మూత్రంలో కూడా కనిపిస్తుంది. అట్లాగే రక్తంలోని ఉప్పు, కొన్ని ప్రొటీన్లు సంచిలోకి వస్తాయి. ఇట్లా చేరిన చిక్కటి ద్రవమే ముర్రుపాలు. పసుపు రంగు బీటా కెరోటిన్‌ది, క్యారెట్‌కు రంగునిచ్చేదీ అదే. మా చెల్లెలి జాకెట్ బిర్రుగా అయింది ఆ ప్రొటీన్లు ఎండిపోవడం వల్ల.

నేర్పు వచ్చినా ధార ఎందుకు రాదు? మాయ ఆపుతుంది. కడుపులో బిడ్డకు తిండి, గాలి అందించే ఆ మాయే ప్రొజెస్టిరాన్ అనే హార్మోన్‌ను కూడా పెద్ద మోతాదులో వదులుతుంటుంది. పాలు చేయమని చెప్పే ప్రొలాక్టిన్ అప్పటికే రక్తంలో బాగా ఉన్నా, ప్రొజెస్టిరాన్ ఉన్నంతవరకు ఆ కణాలు చుక్కల లెక్కనే పనిచేస్తాయి. కాన్పై మాయ బయటపడ్డాక ప్రొజెస్టిరాన్ ఒక్కసారిగా పడిపోతుంది. ఆ సందులు మూసుకుపోతాయి, రెండో రోజు దాటి మూడో రోజుకు రొమ్ములు గట్టిపడి పాలు దిగుతాయి. కాన్పయ్యాక మాయ ముక్క ఏదైనా గర్భసంచిలో ఉండిపోతే పాలు దిగడం ఆలస్యమవుతుంది. పాలను ఆపి పెట్టింది మాయే అనడానికి ఇంతకన్నా పెద్ద రుజువు అక్కర్లేదు.

అంటే కాన్పుకు ముందు కారింది నిల్వలోంచి పోయిన సొత్తు కాదు. సంచుల్లో ముర్రుపాలు ఊరుతూ ఉంటాయి, కొంత తిరిగి ఒంట్లోకే ఇంకిపోతుంటాయి. నాళాల్లో ఉన్నదాంట్లో ఓ చుక్క బయటికి వస్తే, వెనక మరో చుక్క ఊరుతుంది.

మరి బర్రె సంగతి? పెద్దమ్మ భయానికి మూలం అక్కడే ఉంది. ఆవు, బర్రె మాయల గుండా తల్లి రక్తంలోని రోగనిరోధక ప్రొటీన్లు, అంటే యాంటీబాడీలు, బిడ్డకు దాదాపు చేరవు. దూడ వట్టి చేతులతో పుడుతుంది. దానికి కావలసిన యాంటీబాడీలన్నీ ఈనడానికి ముందు వారాల్లో తల్లి రక్తంలోంచి పొదుగులోకి చేరి, జున్నుపాలలో నిల్వ అవుతాయి. దూడ పుట్టిన మొదటి రోజులోనే అవి దాని పేగుల్లోంచి రక్తంలోకి పోవాలి, ఆ తర్వాత పేగు వాటిని పోనివ్వదు. ఈనక ముందే ఆ పాలు కారిపోతే మళ్లీ అంత చిక్కగా నిండవు, దూడ నష్టపోతుంది. పెద్దమ్మ చూసింది ఇదే.

మనిషి బిడ్డ సంగతి వేరు. మన మాయ యాంటీబాడీలను లోపలికి పంపిస్తుంది, చివరి మూడు నెలల్లో మరీ ఎక్కువగా. కాబట్టి నెలలు నిండి పుట్టిన బిడ్డ రక్తంలో తల్లి ఇచ్చిన రక్షణ అప్పటికే ఉంటుంది. తల్లి ముర్రుపాలలో ఎక్కువగా ఉండేది ఐజీఏ అనే మరో రకం. అది రక్తంలోకి పోవడానికి వచ్చింది కాదు. బిడ్డ పేగు లోపలి గోడకు పూతలా పట్టుకుని, క్రిములను అంటుకోనివ్వదు. ముఖ్యమైన తేడా ఇక్కడుంది. ఆ ఐజీఏని తయారుచేసే కణాలు రొమ్ములోనే కాపురముంటాయి. కాన్పుకు ముందు, తర్వాత, తల్లి పాలిచ్చినన్నాళ్లూ చేస్తూనే ఉంటాయి. 34వ వారంలో జాకెట్‌కు అంటిన చుక్కతో అది తరిగిపోదు.

ఇదంతా చెప్పినా పెద్దమ్మకు నమ్మకం కుదరలేదు. ఆ మధ్యాహ్నం ఏఎన్ఎం మా ఇంటికి వచ్చింది. ఆమె అడిగిన తీరు నాకు బాగా నచ్చింది. రెండు వైపులా వస్తుందా, ఒక్క వైపేనా? చనుమొన మీద చాలా రంధ్రాల్లోంచా, ఒక్కదాంట్లోంచేనా? ఏ రంగు? దానంతట అదే వస్తుందా, పిండితేనా? తర్వాత పొట్ట మీద చేయి పెట్టి, "పొట్ట గట్టిపడి మళ్లీ వదులైతుందా? నడుములో నొప్పి, కింద నీళ్లు కారుడు, రక్తం మరక ఏమన్న ఉన్నయా అమ్మా?" అని అడిగింది. చెల్లెలు లేదంది.

ముర్రుపాలు కారడం నొప్పులు మొదలయ్యే గుర్తు కాదు. కొందరికి ఐదో నెలలో, ఎక్కువమందికి చివరి నెలల్లో కనబడుతుంది. వేడినీళ్లతో స్నానం చేసినప్పుడో, నిద్రలో ఒత్తుకున్నప్పుడో, భర్తతో కలిసినప్పుడో రావచ్చు. నీళ్లలా తెల్లగా, లేత పసుపుగా, ఒక్కోసారి నారింజ రంగులో ఉండొచ్చు, అన్నీ మామూలే. కానీ ఏడెనిమిది నెలల్లో పొట్ట మళ్లీ మళ్లీ గట్టిపడుతూ, కింద నీళ్లో రక్తమో కనిపిస్తే ఆలస్యం చేయకుండా దవాఖానకు పోవాలి. అప్పుడు పాల సంగతి పక్కన పెట్టాలి.

రక్తం కలిసిన రంగు చూసి చాలామంది హడలిపోతారు. ఇటుక రంగులోనో, కాఫీ రంగులోనో వస్తే, చాలాసార్లు అది కొత్తగా వేగంగా పెరుగుతున్న నాళాల్లో సన్నని రక్తనాళాలు చిట్లడం వల్ల. మొదటి కాన్పువాళ్లలో, రెండు వైపులా కనబడి, పాలు దిగిన కొద్ది రోజుల్లో తనంత తాను పోతుంది. అయినా డాక్టరుకు చెప్పి చూపించుకోవాల్సిందే. ఒక్క వైపే, ఒక్క రంధ్రంలోంచే రక్తం వస్తుంటే, చేతికి గడ్డ తగులుతుంటే, చర్మం లోపలికి గుంజుకుపోతే స్కానింగ్ చేయించాలి, కడుపుతో ఉన్నా అల్ట్రాసౌండ్‌కు భయం లేదు. చీములా వచ్చి, ఎరుపు, జ్వరం ఉంటే ఆరోజే చూపించుకోవాలి.

చెల్లెలు అడిగిన ఇంకో ప్రశ్న: "వస్తున్నయో లేదో రోజూ పిండి చూడాల్నా?" వద్దు. చనుమొనను అదేపనిగా లాగినా, పిండినా ఆక్సిటోసిన్ ఊరుతుంది. గర్భసంచిని బిగుసుకునేలా చేసేదీ అదే హార్మోన్. నెలలు నిండకముందే నొప్పులొచ్చే ప్రమాదం ఉన్నవాళ్లకు, మాయ కిందికి ఉండి గర్భసంచి ముఖద్వారానికి అడ్డుపడినవాళ్లకు, కవలలు ఉన్నవాళ్లకు అది మంచిది కాదు. షుగర్ ఉన్న తల్లులు 36వ వారం నుంచి రోజుకు రెండుసార్లు కొద్దిగా తీసి దాచుకోవడంపై ఆస్ట్రేలియాలో 600 మందికి పైగా గర్భిణులతో చేసిన పరిశోధన 2017లో అచ్చయింది. వేరే చిక్కులు లేనివాళ్లకు దానివల్ల హాని కలగలేదు. అది డాక్టరు చెప్పి, చూపించి చేయించే పని. కారేవాళ్లు జాకెట్ లోపల మెత్తటి నూలు గుడ్డ మడత పెట్టుకుని, తడిసినప్పుడల్లా మార్చుకుంటే చాలు. ఎండిన పొరను గీకొద్దు, గోరువెచ్చని నీళ్లతో తడిపితే ఊడిపోతుంది.

చుక్క కూడా కారనివాళ్ల బాధ మరోరకం. చెల్లెలి తోటికోడలికి తొమ్మిది నెలలూ బట్ట తడవలేదు, ఇద్దరు పిల్లలకూ కడుపునిండా పాలిచ్చింది. కారడం, కారకపోవడం చూసి లోపల ఎంత తయారవుతుందో చెప్పలేం. గర్భంలో రొమ్ములు పెరగనే పెరగకపోతే, ఇదివరకు రొమ్ముకు ఆపరేషన్ అయి ఉంటే మాత్రం ముందే డాక్టరు చెవిన వేయాలి.

39వ వారంలో చెల్లెలికి ఆపరేషన్ అయింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60కి పైగా కాన్పులు ఆపరేషన్లే. కడుపు కోసి తీస్తే ముర్రుపాలు రావని మా వాడకట్టులో ఒక మాట ఉంది. అప్పటికి నాలుగు నెలలుగా ఊరుతున్న పాలకు కాన్పు ఏ దారిలో అయిందన్నది తెలియదు. మూడో రోజు దిగే పాలు మాత్రం కొద్దిగా ఆలస్యం కావచ్చు. నడుము కింద మత్తు ఉండగానే నర్సు బిడ్డను ఛాతీ మీద పడుకోబెట్టింది. బిడ్డ సరిగా పట్టకపోయేసరికి వేళ్లతో మెల్లగా ఒత్తి ఉగ్గుగిన్నెలోకి తీసింది. గిన్నె అడుగున తేనె రంగులో పావు చెంచా కూడా లేదు. "గింతేనా!" అంది పెద్దమ్మ.

మొదటి రోజు బిడ్డకు అంతే కావాలి. ఒక్కోసారికి 2 నుంచి 10 మిల్లీలీటర్లు, రోజంతా కలిపితే సుమారు 30, అంటే ఆరు టీస్పూన్లు. ఆ కొంచెమే పేగును కదిలించి, తారులాంటి నల్లటి మొదటి విరేచనాన్ని బయటికి నెడుతుంది. దాంతోపాటు పచ్చకామెర్లు తెచ్చే పదార్థం కూడా కొంత పోతుంది. తేనె, చక్కెర నీళ్లు పోస్తే బిడ్డ కడుపు నిండి రొమ్ము పట్టదు, పట్టకపోతే పాలు చేయమని ఒంటికి కబురు పోదు.

రెండో రోజు రాత్రికల్లా బిడ్డ విరేచనం నలుపు వదిలి ఆకుపచ్చకు తిరిగింది. నాలుగో రోజు పొద్దున చెల్లెలి జాకెట్ మళ్లీ తడిసింది. ఈసారి మరక తెల్లగా ఉంది, ఆరినాక బట్ట బిర్రుగా లేదు. పెద్దమ్మ దాన్ని చేత్తో నలిపి చూసి, బకెట్‌లో వేసింది.