‘అజయ్’ అంటే ఓటమా? పేర్ల విరుపులో అపోహలు, వాస్తవాలు

మొన్న అడ్మిషన్ల రోజుల్లో ఒక తండ్రి, పదో తరగతి పూర్తయిన కొడుకును వెంటబెట్టుకొని హనుమకొండలో మా ఇంటికి వచ్చాడు. కాజీపేటలో ఆటో నడుపుతాడు. పేరు మార్పించడానికి తెచ్చిన స్టాంపు కాగితం చేతిలో ఉంది. అబ్బాయి పేరు అజయ్. లెక్కల్లో మార్కులు తగ్గాయని ఇంట్లో దిగులుపడుతుంటే, పేర్లు చూసి జాతకం చెప్పే ఒకాయన “అ అంటే లేదు, జయ అంటే గెలుపు. గెలుపు లేదని పేరులోనే ఉంటే పిల్లవాడేం గెలుస్తాడు?” అన్నాడట. తండ్రి నా ఎదుట కూర్చుని అడిగిన మాట ఇంకా మరిచిపోలేదు. “సార్, ఆ పేరు పెట్టింది నేనే. నా చేతులతో నేనే వాడికి ఓటమి రాసిపెట్టానా?”

ఇంటర్ పిల్లలకు సంస్కృతం చెప్పడం మొదలుపెట్టి ఇరవై రెండేళ్లయింది. ఈ ప్రశ్న ప్రతి ఏడూ వస్తుంది, పేరు మాత్రమే మారుతుంది. ఒకసారి అపర్ణ, ఒకసారి అనసూయ, ఒకసారి అశోక్. భయపడి వచ్చేవాళ్ల మీద నాకు కోపం లేదు. సగం వ్యాకరణంతో వాళ్లను భయపెట్టేవాళ్ల మీదే కోపం. పదో తరగతి మెమోలో ఒక పేరు, ఆధార్‌లో మరో పేరు పడితే ఆ పిల్లలు ఎన్ని ఆఫీసుల చుట్టూ తిరగాలో వాళ్లకు పట్టదు.

అపోహ: పేరును ముక్కలుగా విరిచి, ముక్కల అర్థాలు కలిపితే పేరు అర్థం వచ్చేస్తుంది.

వాస్తవం: ముక్కలు తెలిసినంత మాత్రాన సరిపోదు, అవి ఏ సమాసంలో కలిశాయో తెలియాలి. పీత అంటే పసుపుపచ్చని, అంబరం అంటే వస్త్రం. వీటిని కర్మధారయంగా కలిపితే పచ్చని బట్ట. బహువ్రీహిగా కలిపితే పచ్చని బట్ట కట్టుకున్నవాడు, అంటే విష్ణువు. పీతాంబర్ అనే మనిషిని ఎవరూ బట్ట అనుకోరు కదా. మనిషి పేరు మనిషిని చెప్పాలి. అందుకే ఇలాంటి పేర్లలో ముందుగా చూడవలసింది బహువ్రీహినే.

అజయ్ దగ్గరకు వద్దాం. చివర పొల్లు తీసి సంస్కృత రూపం రాస్తే ‘అజయ’. ఇందులో నఞ్, అంటే లేదు, కాదు అని చెప్పే ‘అ’ ఒకటి, జయ ఒకటి, రెండు ముక్కలున్నాయి. నఞ్ తత్పురుషగా తీసుకుంటే జయం కానిది, అంటే ఓటమి. నిఘంటువుల్లో ఆ అర్థం ఉంది, కాబట్టి ఆ జాతకాలాయన దాన్ని గాలిలోంచి తేలేదు. కానీ అది ఒక సంగతి పేరు, మనిషి పేరు కాదు. బహువ్రీహిగా విడదీసి విగ్రహవాక్యం చెబితే ‘ఎవని మీద ఇతరులకు జయం లేదో వాడు’. ఎవరూ గెలవలేనివాడన్న మాట. ఈ అర్థమూ నిఘంటువుల్లో ఉంది. ఆయన రెండింటిలో ఒకటే చూశాడు, అదీ పేరుకు పనికిరానిది.

సమాసం మారితే అర్థం తలకిందులవుతుందనడానికి వేదంలోనే కథ ఉంది. తన కొడుకును చంపిన ఇంద్రుణ్ణి చంపేవాడు పుట్టాలని దేవశిల్పి త్వష్ట ‘ఇంద్రశత్రుః’ అంటూ హోమం చేశాడు. ఇంద్రుణ్ణి చంపేవాడు అనే తత్పురుష ఆయన ఉద్దేశం. ఆ మాటను పలకడంలో స్వరం తప్పి, ఇంద్రుడే తనను చంపేవాడుగా కలవాడు అనే బహువ్రీహి అయింది. పుట్టిన వృత్రుడు ఇంద్రుడి చేతిలో చచ్చాడు. ముక్కలు అవే, వాటిని కలిపిన తీరు వేరు.

అపర్ణ కూడా ఇదే దారి. పర్ణం అంటే ఆకు. ‘ఆకులు రాలిన మోడు’ అని ఒక తల్లికి ఎవరో చెప్పి ఏడిపించారు. పార్వతి తపస్సు చేస్తూ, చెట్టు నుంచి తానుగా రాలిన ఆకులను కూడా తినడం మానేసింది కనుక అపర్ణ అన్నారని కాళిదాసు కుమారసంభవం అయిదో సర్గలో చెప్పాడు. లేనిది చెట్టుకు ఆకు కాదు, ఆమె ఆహారంలో ఆకు. శోకం లేనివాడు అశోకుడు, మలం, అంటే మురికి, పోయినది విమల. ఇలాంటి పేర్లలో చెడ్డమాట వినిపిస్తున్నదంటే, దాన్ని తోసేయడానికే అక్కడ ఉంది.

మా అమ్మ పేరు అనసూయ. చిన్నప్పుడు బడిలో ఒక పిల్లవాడు “మీ అమ్మ పేరులో అసూయ ఉంది” అంటే వాడితో కొట్లాడి చొక్కా చింపుకొని ఇంటికి వచ్చాను. నఞ్ వెనుక హల్లు వస్తే ‘అ’ మిగులుతుంది, అచ్చు వస్తే ‘అన్’ అవుతుంది. అన్ + అసూయ, అసూయ లేనిది. ఇక్కడితో ఆగాలి. ‘అసూయ’లో మొదటి అక్షరం కూడా లేమిని చెప్పేదే అనుకుని దాన్ని మళ్లీ కోస్తే ‘సూయ’ అనే పనికిరాని ముక్క మిగులుతుంది. గుణాల్లో కూడా దోషం ఎంచడమే అసూయ అని అమరకోశం చెబుతుంది.

కోత ఎక్కడ వేయాలో తెలియక చేసే పొరపాట్లలో ‘అను’ పేర్లవే ఎక్కువ. అనుపమ, అనురాధ పక్కపక్కన రాసి చూడండి. అనుపమను అను + పమ అని కోస్తే ‘పమ’ అనే మాటే లేదు. అన్ + ఉపమ అని కోస్తే పోలిక లేనిది అని చక్కగా వస్తుంది. అదే కత్తి అనురాధ మీద పెడితే ‘ఉరాధ’ మిగులుతుంది, అలాంటి మాట లేదు. అక్కడ అను + రాధ. విశాఖ నక్షత్రానికి రాధ అని పేరు, దాని వెంట వచ్చేది అనురాధ. అనిరుద్ధ్‌లో మళ్లీ ‘అ’ ఒక్కటే వేరు, మిగిలింది నిరుద్ధ, అంటే అడ్డుకోబడిన. ఎవరూ అడ్డుకోలేనివాడు అనిరుద్ధుడు. కోసిన తరువాత రెండు వైపులా బతికిన మాటలు మిగిలాయా అని చూసుకుంటే చాలా తప్పులు అక్కడే దొరికిపోతాయి.

మిగిలినవి త్వరగా చెప్తాను. అరుణ అంటే రుణం లేనిది కాదు, ఆ అర్థానికి అనృణ అనే వేరే మాట ఉంది. అరుణ ఎర్రని రంగు, ‘ఋ’ ధాతువు నుంచి వచ్చింది. అనిల్‌లోనూ లేమి లేదు, ఊపిరి తీయడమనే ‘అన్’ ధాతువు ఉంది, అందుకే గాలి. రమేష్ అని రాసినా రమా + ఈశ కాబట్టి సంస్కృతంలో అది శ. మన దగ్గర మహేందర్, సురేందర్ అంటే అర్థం చెడిపోదు, లోపల మహా + ఇంద్ర, సుర + ఇంద్ర అలాగే ఉన్నాయి. ఇంగ్లీషు స్పెల్లింగులో ఒక అక్షరం పెంచితే వీటిలో ఏదీ మారదు. ఇక ఎల్లయ్య, పోచమ్మ ఊరి దేవతల పేర్ల మీదుగా వచ్చినవి, వాటి మీద నఞ్ సూత్రాలు ప్రయోగించకండి.

ఆ రోజు అజయ్ చేతికి తెల్లకాగితం ఇచ్చి విగ్రహవాక్యం వాడి చేతనే రాయించాను. తండ్రి దాన్ని రెండుసార్లు చదువుకుని, స్టాంపు కాగితంతో కలిపి మడిచి జేబులో పెట్టుకున్నాడు. గేటు దాకా వెళ్లి మళ్లీ వెనక్కి వచ్చాడు. “సార్, మా తమ్ముని బిడ్డ పేరు అక్షయ. అదీ ఇట్లాంటిదేనా?”

క్షయం లేనిది అని చెప్పాను.