16–9: రెండు ఫోటోల మధ్య నాణెం నడక

గుంటూరు నుంచి ఒక పాఠకురాలు రాశారు. ఇంట్లో పట్టిన పచ్చళ్లను ఆవిడ సొంత వెబ్‌సైటులో అమ్ముతారు. ఆవకాయ పేజీలో మొదటినుంచీ జాడీ ఫోటోనే ఉంది. దాని బదులు వేడి అన్నంలో కలిపిన ముద్ద ఫోటో పెడితే ఎలా ఉంటుందో చూద్దామని, వచ్చినవాళ్లలో సగం మందికి జాడీ, సగం మందికి ముద్ద కనిపించేలా ఏర్పాటు చేశారు. మూడు వారాల్లో ఒక్కో ఫోటోను దాదాపు 400 మంది చూశారు. జాడీకి 9 ఆర్డర్లు, ముద్దకి 16. "78 శాతం ఎక్కువని చూపిస్తోందండీ, ఇక జాడీ తీసేయొచ్చా?" అన్నది ఆవిడ ప్రశ్న.

ఇప్పుడే వద్దండీ. కారణం చెప్పాలంటే ఆ 400లను, శాతాలను కాసేపు పక్కన పెట్టాలి. రెండు వైపులా సమానంగా జనం వచ్చారు కదా. ఫోటోల వల్ల తేడా ఏమీ లేదనుకుంటే, వచ్చిన ప్రతి ఆర్డరూ నాణెం ఎగరేసినట్టే. బొమ్మ పడితే ముద్ద ఖాతాలోకి, బొరుసు పడితే జాడీ ఖాతాలోకి. 25 ఆర్డర్లంటే 25 సార్లు ఎగరేశామన్నమాట. మామూలు నాణేన్ని 25 సార్లు ఎగరేస్తే 16–9గానీ అంతకన్నా పెద్ద తేడాగానీ, ఎటువైపైనా సరే, 100కి 23 సార్లు వస్తుంది. గణితం టీచర్లు ఎవరైనా చదువుతుంటే, సంభావ్యత పాఠానికి ముందు 40 మంది పిల్లలచేత ఈ పని చేయించండి. సుమారు తొమ్మిదిమంది చేతుల్లో ఇలాంటి "గెలుపు" కనిపిస్తుంది. ఆ తర్వాత చెప్పే సూత్రం పిల్లల మనసులో నిలుస్తుంది.

చేత్తో చేసుకునే లెక్క ఒకటుంది. మొత్తం ఆర్డర్లకు వర్గమూలం కట్టి రెట్టింపు చేయండి. 25కి వర్గమూలం 5, రెట్టింపు 10. తేడా 10 దాటితే పట్టించుకోవాలి. ఇక్కడ తేడా 7 మాత్రమే. అదే 18–7 అయి ఉంటే తేడా 11, నా జవాబు వేరుగా ఉండేది.

ఇదే లెక్క జనాన్ని సరిగ్గా పంచుతున్నామా అన్నదీ పట్టిస్తుంది. ఒక వైపు 400 మంది, మరో వైపు 470 మంది వచ్చారనుకోండి. మొత్తం 870, దాని వర్గమూలానికి రెట్టింపు 59. తేడా 70 ఉంది కాబట్టి పంపకంలోనే ఏదో లోపం. బరువైన ఫోటో నెమ్మదిగా తెరుచుకోవడంతో కొందరు లెక్కలో పడకముందే వెళ్లిపోయి ఉండొచ్చు. అలాంటప్పుడు ఆర్డర్ల సంఖ్యలు చూడకుండా ముందు ఆ లోపం వెతకాలి. ఆర్డర్లు లెక్కపెట్టేటప్పుడు కూడా మనుషుల్ని లెక్కపెట్టండి. ఒకే ఇంటివాళ్లు నాలుగుసార్లు తెప్పించుకుంటే అది నాలుగు నాణేలు కాదు, ఒక్కటే.

నన్ను బాగా ఆకట్టుకునే సంగతి దీని తర్వాత వస్తుంది. ముద్ద ఆర్డర్లలోంచి జాడీ ఆర్డర్లు తీసేసి, ఆ తేడాను రోజూ ఒక గీతగా గీయండి. ముద్దకి ఆర్డరు వస్తే ఒక మెట్టు పైకి, జాడీకి వస్తే ఒక మెట్టు కిందికి. నాణేలతో నడిచే ఈ గీత మనం అనుకున్నట్టు సున్నా చుట్టూ అటూ ఇటూ ఊగదు. ఒక వైపుకి వెళ్లిందంటే చాలాసేపు అక్కడే ఉండిపోతుంది. 20 సార్లు ఎగరేస్తే, మొదటినుంచి చివరిదాకా ఒక పక్షం ఒక్కసారి కూడా వెనకబడకుండా ఉండే అవకాశం 35 శాతం, అంటే మూడింట ఒక వంతు కన్నా ఎక్కువ. మన బజార్లలో బోణీ మీద నమ్మకం ఇంత గట్టిగా ఉండటానికి ఇదీ ఒక కారణమని నాకనిపిస్తుంది. ఫలానావాళ్ల చేతి బోణీతో మొదలైన రోజంతా బాగుంటే, ఆ చెయ్యి మంచిదని గుర్తుండిపోతుంది. కానీ మొదట్లో దొరికిన ఆధిక్యం చాలాసేపు నిలవడమన్నది ఉత్త నాణేనికి కూడా ఉన్న గుణమే. "మొదటిరోజు నుంచీ ముద్దే ముందుంది" అని ఆవిడ ఉత్తరంలో ఇంకో వాక్యం కూడా రాశారు. అది అదనపు సాక్ష్యం కాదు.

ఈ నడకలోనే పెద్ద ప్రమాదం దాగి ఉంది. పైన చెప్పిన వర్గమూలం లెక్క ఒక్కసారి, చివర్లో చూసేవాళ్లకే. అప్పుడు ఉత్త నాణెం మనల్ని మోసగించే అవకాశం 5 శాతం. రోజూ చూస్తూ, గీత హద్దు దాటిన రోజున "గెలిచింది" అని ఆపేస్తే ఆ 5 అలాగే ఉండదు. మధ్యమధ్య ఆగి ఐదుసార్లు చూస్తే 14 శాతం, పదిసార్లు చూస్తే 19 శాతం అవుతుంది. చూస్తూనే ఉంటే ఎప్పుడో ఒకప్పుడు దాటి తీరుతుంది.

కానీ సొంత దుకాణం పెట్టుకున్న మనిషిని ఆర్డర్లు చూడొద్దంటే కుదిరే పనేనా? రోజూ చూసినా చెడిపోని పద్ధతి ఒకటి ఎవన్ మిల్లర్ అనే సాఫ్ట్‌వేర్ నిపుణుడు 2015లో రాశారు. మొదలుపెట్టకముందే మొత్తం ఎన్ని ఆర్డర్ల దాకా వెళ్తామో రాసిపెట్టుకోవాలి. 100 అనుకుందాం. 2 × √100 = 20. కొత్త ఫోటో పాతదానికన్నా 20 ఆర్డర్లు ముందుకు వెళ్తే, అది ఏ రోజైనా సరే, అక్కడే ఆపి కొత్తది పెట్టేయొచ్చు. ఆ లోపు మొత్తం 100 ఆర్డర్లు అయిపోతే పాతదే ఉంచాలి. హద్దు 25 దగ్గర 10, 49 దగ్గర 14 అని మారదు. మొదటినుంచీ 20 దగ్గరే కదలకుండా ఉంటుంది. అందుకే ఎన్నిసార్లు చూసినా ఉత్త నాణెం ఆ గోడను తాకే అవకాశం 5 శాతం లోపే ఉంటుంది.

మూడు వారాలకు 25 ఆర్డర్లు వచ్చే దుకాణంలో 100 ఆర్డర్లంటే పన్నెండు వారాలు. ఆ లోపు ఆవకాయ సీజను దాటిపోతుంది, పండగలొస్తాయి, ఒకటో తారీఖు జీతాలు పడతాయి. రెండు ఫోటోలూ ఒకే సమయంలో నడుస్తున్నాయి కాబట్టి ఇవన్నీ రెండింటికీ సమానంగానే తగులుతాయి. ఈ నెల జాడీ, వచ్చే నెల ముద్ద అని పెడితే మాత్రం ఫోటో ప్రభావమేదో సీజను ప్రభావమేదో విడదీయలేం.

అన్ని వారాలు ఆగినా చిన్న తేడాలు దొరకవు. ముద్ద నిజంగా ఒకటిన్నర రెట్లు అమ్మించే ఫోటో అయితే ఈ పద్ధతి దాన్ని పట్టుకునే అవకాశం సగానికి కాస్త ఎక్కువ. 20 శాతమే మెరుగైతే ఐదుసార్లలో ఒకసారే పట్టుకుంటుంది. కాబట్టి 100 ఆర్డర్ల తర్వాత గోడ తాకకపోతే "రెండూ ఒకటే" అని రాసుకోకూడదు, "పెద్ద తేడా కనిపించలేదు" అని రాసుకోవాలి. చిన్న దుకాణంలో జాడీ వెనక గుడ్డ రంగు మార్చి పరీక్షించడం వృథా. జాడీకీ ముద్దకీ ఉన్నంత దూరం ఉండాలి. ఇంకొకటి: 40–20 దగ్గర గోడ తాకితే అమ్మకాలు రెట్టింపవుతాయని అనుకోవద్దు. అదృష్టం కూడా కాస్త తోసిన క్షణంలోనే మనం ఆపాం కాబట్టి అసలు తేడా సాధారణంగా అంతకన్నా తక్కువే ఉంటుంది.

పేరు మార్చి చూడటం ఫోటో కన్నా కష్టం. "ఆవకాయ" బదులు "గుంటూరు మిరప కారంతో బెల్లం ఆవకాయ" అని పెడితే వెతుకుతూ వచ్చే జనమే మారిపోతారు. గూగుల్ ఆ పేజీకి ఒకే పేరు చూపిస్తుంది, సగం మందికి ఒకటీ సగం మందికి ఒకటీ చూపించదు. అందుకని దుకాణం లోపలికి వచ్చాక జాబితాలో కనిపించే పేరునే ఇలా పంచి చూడగలం. అక్కడ క్లిక్కులు ఆర్డర్ల కన్నా చాలా ఎక్కువ కాబట్టి జవాబూ త్వరగా వస్తుంది. కానీ క్లిక్కులు తెచ్చి ఆర్డర్లు తేని పేర్లూ ఉంటాయి. పావుకిలో ధరను కిలో ధర అనిపించేలా రాస్తే అదే జరుగుతుంది.

ఇక ఆవిడ దగ్గరున్న 16–9 మాట. అందులో తేడా 7 ఉంది కదా, ఇంకో 13 వస్తే 20 అవుతుంది కదా అనిపిస్తుంది. ఆ 25 ఆర్డర్లు చూశాకే ఆశ పుట్టింది, ఆ ఆశతోనే ఇప్పుడు హద్దు పెట్టుకుంటున్నాం. కాబట్టి వాటిని కలపకూడదు. నోటుపుస్తకంలో కొత్త పేజీ తీసి, పైన 100 అనీ 20 అనీ రాసి, గీతను మళ్లీ సున్నా నుంచే మొదలుపెట్టాలి.