సబ్‌టైటిల్స్‌తో పదాల జాబితా: అపోహలు – వాస్తవాలు

నెల్లూరు బ్యాంకులకు, కృష్ణపట్నం పోర్టుకు బదిలీ మీద వచ్చిన బయటి రాష్ట్రాల వాళ్లకు తెలుగు చెప్తుంటాను. ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు సబ్‌టైటిల్స్ నుంచి తీసిన జాబితాను ఫోన్‌లో చూపించి, "ఈ వీడియోలో ఎక్కువసార్లు వచ్చిన మాటలివి. ఇవి వస్తే చాలు కదా మేడం?" అంటారు. పాపం, అన్నీ బట్టీపట్టినా కౌంటర్ దగ్గర ఏమీ అర్థం కాక బెంగపడుతుంటారు. తప్పు వాళ్లది కాదు, లెక్కది.

అపోహ: జాబితాలో పైనున్నవే ముఖ్యమైన మాటలు.

తెలుగు క్రియ ఒక్క రూపంలో నిలవదు. మొన్న క్లాసులో ఒక బ్యాంకు సంభాషణ వీడియో లెక్కేశాం. 'మేనేజర్' 7 సార్లు వచ్చి పైన కూర్చుంది. 'ఇవ్వండి' 4, 'ఇచ్చారు' 2, 'ఇస్తాను' 2, 'ఇవ్వలేదు' 1, 'ఇచ్చేశాను' 1 మాత్రం ఎక్కడెక్కడో పడ్డాయి. కలిపితే 10, అంటే 'ఇవ్వు' మేనేజర్‌ని దాటేసింది. అసలు మేనేజర్ అనే మాట ఎవరికి రాదు చెప్పండి!

అందుకే జాబితాను షీట్‌లో పెట్టి అక్షరక్రమంలో సర్దండి. 'ఇ'తో మొదలయ్యేవన్నీ దగ్గరికి చేరతాయి. పక్క కాలమ్‌లో వాటిలో ఈ క్రియ రూపాల ఎదురుగా 'ఇవ్వు' అని రాసి, ఆ కాలమ్‌ను బట్టి లెక్కలు కూడండి. 'వచ్చు' దగ్గర మాత్రం ఈ ఉపాయం పారదు. 'వస్తాను' ఒకచోట, 'రండి', 'రాలేదు' ఇంకోచోట ఉంటాయి, వెతికి కలపాల్సిందే. పైగా 'బస్సు రాదు', 'నాకు తెలుగు రాదు' రెండింటినీ ఒకే లెక్కలో వేయకూడదు. వాక్యం చూడకుండా ఆ తేడా తెలియదు.

అపోహ: మాట ఉన్న సబ్‌టైటిల్‌నే ఉదాహరణగా అతికిస్తే సరి.

సబ్‌టైటిల్ ఫైల్ తెరిచి చూడండి:

```
41
00:03:12,400 --> 00:03:14,100
మొన్ననే కాగితాలన్నీ

42
00:03:14,200 --> 00:03:15,900
కౌంటర్లో ఇచ్చేశాను.
```

'కాగితాలు' కోసం 41వ ముక్క ఒక్కటే తీసుకుంటే క్రియే లేదు. మన క్రియ చివర ఉంటుంది కాబట్టి అది తరువాతి ముక్కలోకి జారిపోతుంది. చుక్కో, ప్రశ్న గుర్తో వచ్చేదాకా ముక్కలు కలిపి, ఆ తరువాతే వాక్యాలు విడగొట్టాలి.

మిగతావి గబగబా

సబ్‌టైటిల్‌లో ఉన్నదే నోటితో అంటారనుకోకండి. వీడియోలో కూరగాయలామె "యాడికి పోతుండావు" అంటే కింద "ఎక్కడికి వెళ్తున్నావు" అని పడుతుంది. ఉదాహరణ రాసేముందు ఒకసారి వినండి.

పైథాన్ వాడేవాళ్ల జాబితాలో 'డబ', 'బ' లాంటి తునకలు కనిపిస్తే, `re`లోని `\w+` 'డబ్బు'ను పొల్లు దగ్గర విరిచిందని అర్థం. గుణింతపు గుర్తులు దానికి అక్షరాలు కావు. బదులుగా ఇది వాడండి:

```
re.findall(r"[\u0C00-\u0C7F\u200c]+", text)
```

ఒక్కో క్రియకు మూడు వాక్యాలు చాలు: అడిగేది ఒకటి, జరిగింది ఒకటి, కాలేదనేది ఒకటి. 'ఇవ్వు'కైతే మేం 'ఇవ్వండి', 'ఇచ్చేశాను', 'ఇవ్వలేదు' ఉన్న వాక్యాలు ఒక్కొక్కటే ఉంచుకుని, మిగతా ఏడూ కొట్టేశాం.