కొలిజన్ మెష్ మీద అపోహలు: మూత లేని పెట్టెకి మూత ఎక్కడి నుంచి వచ్చింది?

కొలిజన్ మెష్ అంటే గేమ్‌లో ఏది దేనికి తగిలిందో లెక్కేయడానికి ఫిజిక్స్ వాడుకునే, కంటికి కనపడని ఆకారం. దాని మీద ఈ నెలలో ఇదే ప్రశ్న మూడోసారి. "అన్నా, మోడల్ ఇంత నీట్‌గా చేశాను కదా, మళ్లీ వేరే కొలిజన్ మెష్ ఎందుకు? ఉన్నదాన్నే వాడేస్తే ఇంకా కరెక్ట్‌గా తగులుతుంది కదా?" అడిగేవాళ్లని తప్పుపట్టను, వినడానికి న్యాయంగానే ఉంటుంది. "అన్‌రియల్ ఇంజిన్‌లో `Use Complex Collision As Simple` పెట్టెయ్, పనైపోతుంది" అని, అంటే కనిపించే మెష్‌నే కొలిజన్‌గా వాడమని, ఒక ముక్క పడేసి వెళ్లిపోయేవాళ్లని చూస్తేనే చిరాకు. డెడ్‌లైన్ ముందురోజు సీన్‌లో పెట్టిన వస్తువు, అదే ప్రాప్, ఎందుకు కదలట్లేదో తెలియక టెన్షన్ పడేది వాళ్లు కాదు మరి.

అపోహ: కనిపించే మెష్‌నే కొలిజన్‌గా పెడితే అన్నిటికన్నా కచ్చితంగా ఉంటుంది.

కదలకుండా పడి ఉండే రాతిగుట్టకో గుహ గోడకో అయితే ఆ మాట కొంతవరకు ఒప్పుకుంటాను. తన్నితే దొర్లాల్సిన ప్రాప్‌కి మాత్రం కుదరదు. ట్రయాంగిల్ మెష్‌కి ఉండేది పైతోలు మాత్రమే, దానికి లోపల అంటూ ఏమీ లేదు. ఏదైనా వస్తువు ఆ తోలుని దాటి కాస్త అవతలికి వెళ్లిందంటే దాన్ని ఎటు నెట్టాలో ఫిజిక్స్‌కి తెలియదు, అందుకే వస్తువులు వణుకుతాయి, లేదా అడుగు దాటి జారిపోతాయి. ఎక్కడా గుంటలు లేని కాన్వెక్స్ ఆకారానికి అయితే లోపల, బయట రెండూ స్పష్టంగా ఉంటాయి కాబట్టి దూరినదాన్ని దగ్గరి ముఖం వైపు బయటికి నెట్టేస్తుంది.

ఇంకో చిక్కు బరువు. అన్‌రియల్ ఒక ప్రాప్ బరువుని దాని సింపుల్ కొలిజన్, అంటే డబ్బాల్లాంటి తేలిక ఆకారాల, ఘనపరిమాణం నుంచే లెక్కేస్తుంది. ఉత్త తోలుకి ఘనపరిమాణం ఎక్కడిది? అందుకే `Use Complex Collision As Simple` పెట్టిన మెష్ మీద ఫిజిక్స్ సిమ్యులేషన్ నడవదు. యూనిటీ ఇంజిన్‌లోనూ ఇదే గోల: కాన్వెక్స్ కాని మెష్ కొలైడర్‌ని, వస్తువుని ఫిజిక్స్‌తో కదిలించే మామూలు రిజిడ్‌బాడీతో కలిపితే ఒప్పుకోదు. కాన్వెక్స్ టిక్ పెడితే 255 ట్రయాంగిల్స్‌కి మించని ఒక చుట్టు తయారుచేసుకుంటుంది, అంటే మీరు కష్టపడి తవ్విన గుంటలన్నీ పూడిపోతాయి.

ఆ పూడిపోవడం ఎలా ఉంటుందో నాకు బాగా గుర్తు. కొత్తలో ఒక చెక్క పెట్టె చేశాను, పైన మూత లేదు, 60 సెంటీమీటర్ల పొడవు, 40 వెడల్పు, 30 ఎత్తు. ప్లేయర్ అందులోకి నాణేలు విసరాలి. విసిరితే నాణేలన్నీ పెట్టె అంచు ఎత్తులో, గాలిలో, కనపడని గాజు పలక మీద పడ్డట్టు ఆగిపోయాయి. రెండు గంటలు నాణేన్ని అనుమానించాను. పైగా పెట్టె కూడా గట్టి చెక్కదిమ్మలా కదలనంటోంది, ఎందుకంటే ఇంజిన్ దృష్టిలో అది బోలు పెట్టె కాదు, నిండు దిమ్మ. నేను చేసిన తప్పు ఏంటంటే, కొలిజన్ కోసం ఐదు డబ్బాలు సరిగ్గానే పెట్టి, చివర్లో ఫైల్ శుభ్రంగా ఉంటుందని బ్లెండర్‌లో `Ctrl+J` కొట్టి అన్నిటినీ ఒకే ఆబ్జెక్ట్‌గా కలిపేశాను. పేరు `UCX_`తో మొదలైతే అది కొలిజన్ అని అన్‌రియల్ గుర్తుపడుతుంది. ఇంపోర్ట్‌లో `One Convex Hull Per UCX` ఆన్‌లో ఉంటుంది, ఒక ఆబ్జెక్ట్‌కి ఒకే హల్, అంటే ఒకే కాన్వెక్స్ చుట్టు. ఐదు డబ్బాల చుట్టూ బిగుతుగా గుడ్డ చుడితే వచ్చేది నిండు డబ్బానే కదా.

సరైన పద్ధతి ఇది. నాలుగు గోడలకి నాలుగు డబ్బాలు, అడుక్కి ఒకటి, విడివిడి ఆబ్జెక్ట్‌లుగా ఉండాలి, పేర్లు ఇలా:

```
SM_Crate
UCX_SM_Crate_01
UCX_SM_Crate_02
UCX_SM_Crate_03
UCX_SM_Crate_04
UCX_SM_Crate_05
```

ఇక మందం. కనిపించే పలక 2 సెంటీమీటర్లు. అర మీటరు ఎత్తు నుంచి పడిన నాణెం కిందికి వచ్చేసరికి సెకనుకి దాదాపు 3 మీటర్ల వేగం అందుకుంటుంది, సెకనుకి 60 ఫిజిక్స్ స్టెప్‌లు అనుకుంటే ఒక్కో స్టెప్‌కి 5 సెంటీమీటర్లు కదులుతుంది. ఒక స్టెప్‌లో పలక పైన, తర్వాతి స్టెప్‌లో పలక కింద. తగిలిందన్న సంగతే ఎవరికీ తెలియదు. నా పెట్టె అడుగున 3 సెంటీమీటర్ల ఆనింపు చెక్కలు ఉన్నాయి, అందుకని వాటిని విడిగా పట్టించుకోకుండా, నేల నుంచి లోపలి అడుగు దాకా ఒకే 5 సెంటీమీటర్ల డబ్బా పెట్టాను. పైన నాణెం ఆనే చోటు, కింద పెట్టె నేలకి ఆనే చోటు రెండూ కనిపించే మెష్‌తో సమానంగా ఉన్నాయి, మధ్యలో ఏముందో ఎవరు చూస్తారు? ఇంకా వేగంగా వచ్చే వస్తువులైతే ఈ మందం కూడా చాలదు, వాటికి రెండు స్టెప్‌ల మధ్య దారిని కూడా చూసే కంటిన్యువస్ కొలిజన్ డిటెక్షన్ ఆన్ చేయాల్సిందే. గోడల్ని మాత్రం లోపలి వైపే లావు చేయండి. బయటికి పెంచితే పక్కపక్కన పెట్టిన రెండు పెట్టెల మధ్య వేలు దూరేంత సందు కనిపిస్తుంది, అది వెంటనే కంట్లో పడుతుంది.

ఎక్స్‌పోర్ట్‌కి ముందు బ్లెండర్‌లో `Ctrl+A` కొట్టి స్కేల్ అప్లై చేయండి. తర్వాత పేర్లు అక్షరం అక్షరం చూసుకోండి. పేరు కలవకపోతే మీ డబ్బాల్ని ఇంజిన్ మామూలు మెష్ అనుకుంటుంది, పైగా ఆటోమేటిక్ కొలిజన్ ఆప్షన్ ఆన్‌లో ఉంటే తనే ఒకటి తయారుచేసి పెడుతుంది. ఏదో ఒకటి తగులుతూనే ఉంటుంది కాబట్టి మీదే పనిచేస్తోందనుకుంటారు. ఇది చాలామందిని ముంచింది. స్టాటిక్ మెష్ ఎడిటర్‌లో `Simple Collision` ఆన్ చేసి మీ ఐదు డబ్బాలు విడివిడిగా గీతలుగా కనిపిస్తున్నాయా లేదా కళ్లతో చూస్తేగానీ నమ్మకండి.

యూనిటీలో ఈ పేర్ల తంటా లేదు, పెట్టె కింద ఐదు చైల్డ్ ఆబ్జెక్ట్‌లు పెట్టి ఒక్కోదానికి ఒక బాక్స్ కొలైడర్, రిజిడ్‌బాడీ పైన పేరెంట్‌కి. అంతే.

మిగతావి గబగబా.

"వేరే మెష్ అంటే అదనపు భారం" అంటారు. ఐదు డబ్బాలకి 40 మూలలు, కనిపించే మెష్‌కి వేలు. ఏది భారమో మీరే చెప్పండి. కొలిజన్ మెష్‌కి యూవీలు, టెక్స్చర్ కావాలా అని కూడా అడుగుతారు, అక్కర్లేదు.

"ఆటో కాన్వెక్స్ నొక్కితే చాలు." నొక్కితే మెష్‌ని ఇంజిన్ తనే కాన్వెక్స్ ముక్కలుగా విడగొడుతుంది. రాయికో మొద్దుకో పర్లేదు. ఇలాంటి పెట్టెకి నొక్కితే గోడలు వంకరటింకర ముక్కలవుతాయి, లోపలి అడుగు ఎగుడుదిగుడవుతుంది, నాణెం ఒక మూలకి దొర్లుకుంటూ పోతుంది. నేలే వాలుగా ఉందని లెవెల్ డిజైనర్ మీద అరిచినవాళ్లు నాకు తెలుసు.

"సింపుల్ కొలిజన్ పెడితే తుపాకీ గుండు తప్పు చోట తగులుతుంది." గుండుని లైన్ ట్రేస్‌తో, అంటే ఒక గీత లాగి అది దేనికి తగిలిందో చూసే పద్ధతిలో చేస్తే, `Trace Complex` టిక్ పెట్టండి, అది కనిపించే ట్రయాంగిల్స్‌నే చూస్తుంది, ఫిజిక్స్ మాత్రం ఐదు డబ్బాలతోనే నడుస్తుంది. రెండూ ఒకే ప్రాప్ మీద పక్కపక్కన ఉండొచ్చు. నా పెట్టెకి ఇరువైపులా తాడు పిడులు ఉండేవి, వాటికి నేను కొలిజనే పెట్టలేదు. గుండు తగిలితే తాడు మీదే మచ్చ పడేది, నడుస్తూ వెళ్లే ప్లేయర్ కాలు మాత్రం అందులో చిక్కుకునేది కాదు.