సర్టిఫికెట్‌లో 60 జౌల్స్ ఉంటే చాలా? స్టీలు పెళుసుదనంపై అపోహలు - వాస్తవాలు

రాయగడలో స్టీలు ఫ్యాబ్రికేషన్ పనుల నాణ్యత చూస్తుంటాను. ప్లేటు నుంచి కోసి గాటు పెట్టిన చిన్న ముక్కను లోలకంతో కొట్టి, విరగడానికి ఎన్ని జౌల్స్ శక్తి పడుతుందో చూసే ఇంపాక్ట్ టెస్ట్ మాట ఎత్తితే ఇక్కడ ఎక్కువగా వినిపించే జవాబు, "మనది ఎండల ఊరు సార్, మంచు పడే చోటా ఏమన్నానా?"

అపోహ: గడ్డకట్టే చలిలోనే స్టీలు పెళుసుబారుతుంది.

వాస్తవం: ఏ వేడిలో పెళుసుబారుతుందో ఊరి వాతావరణం చెప్పదు, ఆ ప్లేటే చెప్పాలి. మామూలు స్టీలు చల్లబడేకొద్దీ దాన్ని సాగదీయడానికి కావాల్సిన ఒత్తిడి బాగా పెరుగుతుంది. కానీ స్ఫటికాలను నిట్టనిలువునా చీల్చే ఒత్తిడి పెద్దగా మారదు. ఒక దశలో సాగడం కంటే చీలడమే తేలికవుతుంది. గాటు, మందం, దెబ్బ వేగం ఆ దశను ఇంకా వెచ్చని వైపుకు జరుపుతాయి. 1943 జనవరి 16న అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో షెనెక్టడీ అనే కొత్త ట్యాంకరు, తుపానూ అలలూ లేకుండా రేవులో కట్టేసి ఉండగానే రెండుగా విరిగింది.

అపోహ: 27 డిగ్రీల దగ్గర మంచి అంకె వచ్చిందంటే ప్లేటు మంచిదే.

వాస్తవం: నేను ఎక్కువగా వాదించాల్సి వచ్చేది ఇక్కడే. కొరాపుట్ కొండమీద ఆరుబయట నిలబెట్టే ఒక గ్యాంట్రీకి 32 మిల్లీమీటర్ల ప్లేట్లు వచ్చాయి. రెండు వేర్వేరు హీట్లవి, అంటే కొలిమిలో వేర్వేరు విడతల్లో కరిగించినవి. గ్రేడు ఒకటే, ఇ250 బీఆర్. 27 డిగ్రీల దగ్గర ఒక్కో ప్లేటు నుంచి మూడేసి ముక్కలు కొట్టించాం. మొదటిదానికి 58, 60, 62 వచ్చాయి, సగటు 60 జౌల్స్. రెండోదానికి 41, 66, 85, సగటు 64. సగటు చూసి ఫ్యాబ్రికేటర్ రెండోదే మేలన్నాడు.

నాకు ఆ 41కీ 85కీ మధ్య దూరం నచ్చలేదు. విరిగిన ముఖాలు చూస్తే మొదటి ప్లేటువి పూర్తిగా మసక బూడిదరంగులో, పీచుపీచుగా ఉన్నాయి. రెండోదాని ముఖాల్లో దాదాపు సగం పంచదార పలుకుల్లా మెరుస్తోంది. ఆ మెరుపు చీలికది. అందుకే చల్లబరిచి కొట్టించాం. మొదటి ప్లేటు సున్నా దగ్గర 49, మైనస్ 20 దగ్గర 33, మైనస్ 30 దగ్గర 25 చూపింది. రెండోది 60 డిగ్రీల దగ్గర 120 జౌల్స్ మింగింది కానీ, 10 డిగ్రీల దగ్గర 30కి, సున్నా దగ్గర 15కి జారిపోయింది.

ఈ అంకెలను గీతగా గీస్తే విషయం కళ్లకు కడుతుంది. వెచ్చని వైపు పై అరుగు, చల్లని వైపు కింది అరుగు, మధ్యలో వాలు. మొదటి ప్లేటు అరుగు ఎత్తు తక్కువే, కానీ 27 డిగ్రీల దగ్గర అది అరుగు మీదే నిలబడి ఉంది. రెండోది ఎత్తైన అరుగు దిగి వాలు మధ్యలో ఉంది. వాలు మీద ఉన్న స్టీలుకే ముక్కముక్కకీ అంకె అంతగా మారుతుంది. ఈ గ్రేడుకు కనీసంగా అడిగే 27 జౌల్స్‌ను గీత దాటే చోటు మొదటిదానికి మైనస్ 27 డిగ్రీల దగ్గర, రెండోదానికి ప్లస్ 8 దగ్గర. కొరాపుట్‌లో శీతాకాలపు తెల్లవారుజామున పది డిగ్రీల లోపుకు దిగడం మామూలే. డిజైనరు చూడాల్సింది ఆ దాటే చోటుకూ తన కట్టడం చూడబోయే అతి చల్లని వేళకూ మధ్య ఎంత ఎడం ఉందన్నది.

అపోహ: 27 జౌల్స్ అంటే కట్టడం అంత దెబ్బకు తట్టుకుంటుంది.

వాస్తవం: 10 మిల్లీమీటర్ల చదరపు కడ్డీకి 2 మిల్లీమీటర్ల గాటు పెట్టి, లోలకంతో కొడితే విరగడానికి పట్టిన శక్తి అది. దాన్ని బలం లెక్కల్లో పెట్టే సూత్రం లేదు. మందమైన ప్లేటులో గాటు చుట్టూ ఉన్న లోహం కుంచించుకోలేదు కాబట్టి చిన్న కడ్డీ కంటే వెచ్చగా ఉన్నప్పుడే పెళుసుబారవచ్చు. నెమ్మదిగా పడే బరువు దానికి ఎదురు దిశలో సాయపడుతుంది. అందుకే కోడ్‌లు మందాన్నీ వేడినీ కలిపి పట్టికలు ఇస్తాయి.

అపోహ: బీఆర్ అని ఉంటే ఇంపాక్ట్ టెస్ట్ అయినట్టే.

వాస్తవం: స్టీలుకు మన దేశ ప్రమాణమైన ఐఎస్ 2062లో బీఆర్ రకానికి ఆ పరీక్ష కొనేవాడు అడిగితేనే, అదీ గది వేడిలో. బీ-జీరోకు సున్నా డిగ్రీల దగ్గర, సీకి మైనస్ 20 దగ్గర తప్పనిసరి.

పరీక్షలోనూ మోసపోవచ్చు. చల్లని స్నానం నుంచి తీసిన ముక్కను 5 సెకన్లలో కొట్టకపోతే అది వెచ్చబడి లేని మంచితనం చూపిస్తుంది. గాటు కోసే పనిముట్టు అరిగి మొన గుండ్రబడినా అంతే. ల్యాబులో నేను ముందు చూసేవి ఆ రెండే.

ఆ రెండో ప్లేటును గ్యాంట్రీ బ్రాకెట్లకు వాడనివ్వలేదు. షెడ్డు లోపల, నొక్కుడు మాత్రమే పడే స్తంభాల బేస్ ప్లేట్లకు మళ్లించాం. కొండమీదికి మళ్లీ పెట్టిన ఆర్డరులో ఇ250 బీ-జీరో అనీ, సగటుతో పాటు మూడు ముక్కల అంకెలూ విడివిడిగా, విరిగిన ముఖంలో మెరుపు శాతంతో సహా ఇవ్వాలనీ రాయించాను.